తెల్లవారుజామున పట్టేసే గుండెనాళం

గుంటూరు మిర్చి యార్డులో పనిచేసే 46 ఏళ్ల హమాలీని ఊహించుకోండి. పగలంతా బస్తాలు మోస్తాడు. ఆయాసం వస్తుందే తప్ప గుండెలో నొప్పి ఎన్నడూ రాలేదు. అలాంటి మనిషికి రెండు నెలలుగా తెల్లవారుజామున 4 గంటలప్పుడు, నిద్రలో ఉండగా, గుండె మీద బండ పెట్టినట్టు అవుతోంది. ఉలిక్కిపడి లేచి కూర్చుంటాడు. ఒళ్లంతా చెమట. నొప్పి దవడ దాకా లాగుతుంది. ఐదారు నిమిషాల్లో ఎలా వచ్చిందో అలాగే పోతుంది. పొద్దున్నే మళ్లీ యార్డుకు వెళ్లి బస్తా ఎత్తుకుంటే ఏమీ ఉండదు.

"గుండె జబ్బయితే బరువు మోసేటప్పుడు రావాలి కదా, ఇది గ్యాసే" అంటారు ఇంట్లోవాళ్లు. గ్యాస్ మాత్రలు వేసుకున్నా తగ్గలేదని ఆసుపత్రికి వెళ్తాడు. పగలు 11 గంటలకు తీసిన ఈసీజీ మామూలుగా ఉంది. ఎకో బాగుంది. ట్రెడ్‌మిల్ మీద చెమటలు పట్టేలా నడిపించినా తేడా కనపడలేదు. చివరికి "ఆందోళన వల్ల వస్తోంది" అని ప్రొప్రనలాల్ మాత్రలు రాసిస్తారు. ఆ మాత్రలు మొదలుపెట్టాక నొప్పి ఐదు నిమిషాల నుంచి ఇరవై నిమిషాలకు పెరుగుతుంది.

ఇది ఊహించిన కథే. కానీ ఇందులో ప్రతి మలుపూ ఈ జబ్బు నడిచే దారే. దీని పేరు వాసోస్పాస్టిక్ యాంజైనా. గుండెకు రక్తం అందించే కొరొనరీ ధమని ఉన్నట్టుండి ముడుచుకుపోవడం వల్ల వచ్చే నొప్పి ఇది.

పిక్క పట్టేసినట్టే

రాత్రి నిద్రలో పిక్క పట్టేయడం చాలామందికి అనుభవమే. రక్తనాళాల గోడల్లోనూ కండరం ఉంటుంది. అది వదులైతే నాళం వెడల్పవుతుంది, బిగిస్తే సన్నబడుతుంది. కొందరిలో కొరొనరీ ధమనిలోని కండరం అవసరానికి మించి బిగిసి, కాసేపు రక్తం దాదాపు ఆగిపోయేలా చేస్తుంది.

మామూలు యాంజైనా తీరు వేరు. అక్కడ కొవ్వు పేరుకుని నాళం శాశ్వతంగా ఇరుకైపోతుంది. కూర్చున్నప్పుడు ఆ కాస్త రక్తమే సరిపోతుంది, మెట్లెక్కితే చాలదు. అందుకే శ్రమపడితే నొప్పి వస్తుంది, ఆగితే తగ్గుతుంది. స్పాజమ్‌లో గుండె అడిగే రక్తం పెరగదు, వచ్చే రక్తమే తగ్గుతుంది. కాబట్టి పడుకున్నా నొప్పి వస్తుంది. అర్ధరాత్రి నుంచి తెల్లవారే వరకు ఎక్కువగా వస్తుంది, ఎందుకంటే ఆ వేళల్లో ఈ నాళాలు సహజంగానే కొంత బిగువుగా ఉంటాయి. పగటికి ఆ బిగువు సడలుతుంది. మన హమాలీ బస్తాలు మోయగలగడానికి, ట్రెడ్‌మిల్ పరీక్షలో నెగ్గడానికి కారణం ఇదే.

1959లో లాస్ ఏంజలెస్ వైద్యుడు మైరన్ ప్రింజ్‌మెటల్, ఆయన సహచరులు ఇలాంటి రోగులను వర్ణించారు. విశ్రాంతిలో నొప్పి రావడం, ఆ సమయంలో ఈసీజీలో ఎస్‌టీ గీత పైకి లేవడం, నొప్పి తగ్గగానే ఆ గీత మామూలు స్థితికి రావడం వారు గమనించారు. నాళం బిగుసుకోవడమే కారణమని ఊహించారు కూడా. ఆ బిగువును యాంజియోగ్రామ్‌లో కళ్లారా చూడడం 1970లలో సాధ్యమైంది. ఇటలీలో అటీలియో మసేరి, జపాన్‌లో హిరోఫుమి యసూయె దీని మీద ఏళ్ల తరబడి పనిచేశారు. జపాన్, కొరియాల్లో ఈ జబ్బు ఎక్కువగా కనిపిస్తుంది. ఏ దేశంలోనైనా దీనికి అన్నిటికన్నా గట్టి తోడు పొగతాగడమే.

దొంగను పట్టుకోవడం ఎలా?

ఈ జబ్బు నిర్ధారణలో అసలు చిక్కు సమయం. నొప్పి లేనప్పుడు నాళం మామూలుగా ఉంటుంది, ఈసీజీ కూడా మామూలుగానే ఉంటుంది. కాబట్టి పగటి ఈసీజీ బాగుందంటే ఆ క్షణంలో గుండె బాగుందనే అర్థం. తెల్లవారుజామున 4 గంటలకు ఎలా ఉందో అది చెప్పదు.

డాక్టరుకు కావలసింది నొప్పి ఉండగా తీసిన ఈసీజీ. ఆసుపత్రిలో ఉండగా నొప్పి వస్తే వెంటనే తీస్తారు. లేదంటే హోల్టర్ పెడతారు. ఛాతీకి తీగలు అంటించి, నడుముకు చిన్న పెట్టె కట్టి, 24 గంటలు లేదా అంతకన్నా ఎక్కువసేపు గుండె గీతను రాసుకునే పరికరం అది. నొప్పి వచ్చిన నిమిషానికి గీత లేచి, నొప్పి పోగానే దిగిందని తేలితే, నైట్రేట్ మాత్రతో నొప్పి చప్పున తగ్గుతుంటే, నిర్ధారణ దాదాపు పూర్తయినట్టే. నైట్రేట్‌తో తగ్గడం ఒక్కటే రుజువు కాదు. అన్నవాహిక పట్టేసి వచ్చే నొప్పి కూడా దానితో తగ్గవచ్చు.

మన హమాలీకి హోల్టర్ పెట్టిన రాత్రి నొప్పి రాలేదు. స్పాజమ్ ఇలాగే కొన్నాళ్లు వరుసగా వచ్చి, వారాల తరబడి మాయమవుతుంటుంది. అప్పుడు యాంజియోగ్రామ్ చేశారు. కుడి కొరొనరీ ధమనిలో 30 శాతం అడ్డంకి కనిపించింది. కూర్చున్నా పడుకున్నా నొప్పి రావడానికి అది చాలదు. "పెద్ద బ్లాక్ ఏమీ లేదు" అన్న మాట విని ఇంటికి వెళ్లిపోయే రోగులు ఎందరో. అనుమానం ఉన్న డాక్టరు ఇక్కడ ఒక అడుగు ముందుకు వేస్తాడు. నాళాన్ని కావాలనే రెచ్చగొట్టి చూస్తాడు.

దానికి వాడే మందు ఎసిటైల్‌కోలిన్. ఆరోగ్యంగా ఉన్న నాళం లోపలి పొర ఈ మందు తగలగానే నైట్రిక్ ఆక్సైడ్ వదులుతుంది, నాళం వెడల్పవుతుంది. ఆ పొర దెబ్బతిని ఉంటే అదే మందు నేరుగా కండరాన్ని బిగిస్తుంది. నాళాలను వదులు చేసే మందులను పరీక్షకు ఒకటి రెండు రోజుల ముందే డాక్టర్ల పర్యవేక్షణలో ఆపుతారు. గుండె వేగం పడిపోతే ఆదుకోవడానికి తాత్కాలిక పేస్‌మేకర్ తీగ పెడతారు. ఆ తర్వాత క్యాథెటర్ ద్వారా కొద్దికొద్దిగా మందు పంపుతారు. ఎడమ ధమనిలోకి 20, 50, 100 మైక్రోగ్రాములు, కుడి ధమనిలోకి 20, 50 మైక్రోగ్రాములు వంతుల వారీగా ఇవ్వడం జపాన్‌లో స్థిరపడిన పద్ధతి.

మన హమాలీకి ఎడమ వైపు ఏమీ కాలేదు. కుడి వైపు 20కి కాస్త సన్నబడింది. 50 ఇవ్వగానే నాళం మూసుకున్నంత పనైంది. "అదే నొప్పి, రాత్రి వచ్చేదే ఇది!" అన్నాడు. తెర మీద ఎస్‌టీ గీత లేచింది. వెంటనే నాళంలోకి నైట్రోగ్లిజరిన్ ఇచ్చారు. కాసేపటికి నాళం విచ్చుకుంది, నొప్పి పోయింది. నాళం 90 శాతానికి మించి ముడుచుకోవడం, తనకు తెలిసిన నొప్పే రావడం, ఈసీజీ మారడం అనే మూడూ కలిసి వచ్చినప్పుడే పరీక్ష పాజిటివ్ అంటారు. ఇది అనుభవం ఉన్నవాళ్లే, అన్ని ఏర్పాట్లతో చేయాల్సిన పరీక్ష. అన్ని ఆసుపత్రుల్లోనూ జరగదు.

మందే ముల్లయినప్పుడు

ఇక ప్రొప్రనలాల్ సంగతి. ఇది బీటా బ్లాకర్ మందు. బ్లాకులున్న యాంజైనాలో ఈ తరగతి మందులు బాగా పనికొస్తాయి. గుండె వేగాన్ని తగ్గిస్తాయి కాబట్టి దానికి రక్తం అవసరమూ తగ్గుతుంది. అందుకే గుండె నొప్పి అనగానే చేయి వాటివైపు వెళ్తుంది. పైగా ప్రొప్రనలాల్‌ను మైగ్రేన్‌కు, చేతుల వణుకుకు, థైరాయిడ్ వల్ల వచ్చే గుండె దడకు కూడా రాస్తారు.

కొరొనరీ నాళం గోడలో రెండు రకాల మీటలు ఉన్నాయనుకోండి. అడ్రినలిన్ లాంటి హార్మోన్లు ఆల్ఫా మీటను నొక్కితే నాళం బిగుస్తుంది, బీటా-2 మీటను నొక్కితే వదులవుతుంది. ప్రొప్రనలాల్ బీటా మీటలన్నిటినీ మూసేస్తుంది. అప్పుడు బిగించే మీటకు ఎదురు లేకుండా పోతుంది. స్పాజమ్ ఉన్నవాళ్లలో నొప్పి ఎక్కువసేపు ఉండడానికి దారి ఇదే. మెటొప్రొలాల్ లాంటి, ప్రధానంగా గుండె మీదే పనిచేసే బీటా బ్లాకర్లతో ఈ ప్రమాదం తక్కువే. అయినా స్పాజమ్‌కు అవి వైద్యం కావు.

కొన్ని ఇతర మందుల విషయంలోనూ జాగ్రత్త అవసరం. మైగ్రేన్‌కు వాడే సుమట్రిప్టాన్, ఎర్గోటమిన్ రెండూ నాళాలను బిగిస్తాయి. స్పాజమ్ ఉన్నవాళ్లు వాటిని వాడకూడదు. కాన్పు తర్వాత రక్తస్రావం ఆపడానికి ఇచ్చే మిథైల్‌ఎర్గోమెట్రిన్ కూడా ఆ కుటుంబానిదే. ముక్కు దిబ్బడ తగ్గించే సూడోఎఫెడ్రిన్ కూడా నాళాలను బిగించేదే. ఎక్కువ మోతాదు ఆస్పిరిన్ నాళాన్ని వదులు చేసే ప్రోస్టాసైక్లిన్‌ను తగ్గిస్తుంది. చిన్న మోతాదు ఆస్పిరిన్ అవసరమా కాదా అన్నది నాళంలో కొవ్వు ఎంత పేరుకుందో చూసి డాక్టరు నిర్ణయిస్తారు.

స్పాజమ్‌కు అసలు మందు కాల్షియం చానల్ బ్లాకర్. డిల్టియాజెమ్, వెరాపమిల్, నిఫెడిపిన్, ఆమ్లోడిపిన్ ఈ కోవలోవి. కండరం బిగుసుకోవాలంటే దానిలోకి కాల్షియం వెళ్లాలి. ఇవి ఆ దారిని మూస్తాయి. నొప్పి వచ్చేది రాత్రి కాబట్టి, ఆ వేళకు మందు ఒంట్లో ఉండేలా పడుకునే ముందు ఒక మోతాదు ఇస్తారు. నొప్పి వచ్చినప్పుడు నాలుక కింద నైట్రేట్ మాత్ర, అది కూడా కూర్చుని పెట్టుకోవాలి, ఎందుకంటే బీపీ పడిపోయి కళ్లు తిరగవచ్చు. స్టెంట్ ఈ జబ్బుకు మామూలుగా పరిష్కారం కాదు. ఒకచోట గొట్టం పెడితే, ఆ పక్కన నాళం ముడుచుకోవచ్చు.

మన హమాలీకి డాక్టరు పర్యవేక్షణలో ప్రొప్రనలాల్ ఆపి, డిల్టియాజెమ్ మొదలుపెట్టారు. సిగరెట్ మాన్పించారు. నొప్పులు ఆగాయి. రెండు నెలలకు బాగైంది కదా అని మాత్రలు తనంతట తాను మానేయడమే ఇక అతను చేయకూడని పని. ఈ మందులు హఠాత్తుగా ఆపితే స్పాజమ్ మరింత గట్టిగా తిరగబెట్టవచ్చు. తీవ్రమైన స్పాజమ్‌లో గుండె లయ తప్పుతుంది, మనిషి స్పృహ తప్పుతాడు, గుండెపోటు రావచ్చు, ప్రాణమూ పోవచ్చు.

కాబట్టి విశ్రాంతిలో గుండె నొప్పి వస్తే, అది స్పాజమేనని మీరే తీర్మానించుకుని ఇంట్లో కూర్చోకండి. గుండెపోటు కూడా అలాగే వస్తుంది. 108కి ఫోన్ చేయండి, నొప్పి ఉండగానే ఈసీజీ తీయించుకోండి. నొప్పి తగ్గిపోయాక డాక్టరు దగ్గరికి వెళ్తే మాత్రం నాలుగు సంగతులు మర్చిపోకుండా చెప్పండి. ఏ వేళకు వచ్చింది, ఎన్ని నిమిషాలుంది, అప్పుడు ఏం చేస్తున్నారు, తలనొప్పి మాత్రతో సహా ఏయే మందులు వాడుతున్నారు. మీరు వాడుతున్న బీటా బ్లాకర్‌ను సొంతంగా ఆపకండి, "నాకిది తగినదేనా?" అని అడగండి. పగటి ఈసీజీ చెప్పలేని మాట, మీరు చెప్పే ఆ తెల్లవారుజాము నొప్పే చెబుతుంది.