ఫాయిల్ మారింది, మోడల్‌కు తెలియదు

మాత్రలను రెండు వైపులా అల్యూమినియం ఫాయిల్‌తో ప్యాక్ చేసే లైనును చూద్దాం. కింది ఫాయిల్‌లో నొక్కిన గూళ్లలో మాత్రలు పడతాయి. పై ఫాయిల్ అతకడానికి ముందు, కెమెరా ప్రతి స్ట్రిప్‌ను ఫొటో తీస్తుంది. గూడు ఖాళీగా ఉన్నా, మాత్ర అంచు విరిగినా పక్కకు నెట్టమని మోడల్ చెబుతుంది. కొన్ని వేల ఫొటోలు చూపించి నేర్పిన మోడల్ అది. పెట్టిన కొత్తలో బాగానే పనిచేస్తుంది.

కొన్ని నెలల తర్వాత ఫాయిల్ సరఫరాదారు మారాడనుకోండి. కొత్త ఫాయిల్ మందం అదే, నాణ్యతా పరీక్షల్లో పాసైంది. కాకపోతే కాస్త మెరుపు ఎక్కువ. తెల్ల మాత్ర అంచు విరిగినచోట పాత ఫాయిల్ బూడిదరంగు గాటులా కనిపించేది. ఇప్పుడు అక్కడ లైటు పడి తెల్లగా మెరుస్తోంది. మోడల్ ఆ మెరుపును మాత్రలో భాగమే అనుకుని, విరిగిన మాత్రను మంచిదిగా వదిలేస్తుంది. మోడల్‌లో ఒక్క అంకె మారలేదు, దాని ముందుకొచ్చే బొమ్మ మారింది. దీన్నే డేటా డ్రిఫ్ట్ అంటారు. లైటు వయసైపోయి మసకబారినా, లెన్స్ మీద పౌడరు పేరుకున్నా జరిగేది ఇదే.

చిక్కు ఏమిటంటే తప్పు జరిగినట్టు ఎవరూ చెప్పరు. పక్కకు నెట్టిన స్ట్రిప్పులను ఆపరేటర్ చూస్తాడు, కానీ పాసైనవి నేరుగా కార్టన్‌లోకి వెళ్లిపోతాయి. పైగా రిజెక్టులు తగ్గాయని అందరూ సంతోషిస్తారు. నా దృష్టిలో కారణం తెలియకుండా రిజెక్టులు తగ్గడం, పెరగడం కన్నా ప్రమాదకరం.

ఇక్కడ పనికొచ్చేది వాల్టర్ షెవార్ట్ 1924లో ప్రతిపాదించిన కంట్రోల్ చార్టే. మామూలుగా పదివేల స్ట్రిప్పులకు 40 రిజెక్టులు వస్తుంటే, సహజమైన హెచ్చుతగ్గులు సుమారు 21 నుంచి 59 దాకా ఉంటాయి. ఒక రోజు 15కు పడిపోతే అది అదృష్టం కాదు, లైను దగ్గరికి వెళ్లి చూడాల్సిన సూచన.

రిజెక్టుల లెక్కతో పాటు బొమ్మలనూ కొలవాలి. మోడల్‌కు నేర్పిన ఫొటోల వెలుతురును మసక, మధ్యస్థం, మెరుపు అని మూడు వర్గాలు చేస్తే 20, 60, 20 శాతం వచ్చిందనుకుందాం. ఈ వారం ఫొటోల్లో అవి 10, 50, 40 అయ్యాయి. బ్యాంకులు రుణ స్కోరింగ్‌లో వాడే పీఎస్‌ఐ అనే సూచీతో ఈ తేడాను కొలిస్తే దాదాపు 0.23 వస్తుంది. 0.1 లోపు ఉంటే పరవాలేదని, 0.25 దాటితే పెద్ద మార్పని వాడుకలో ఉన్న కొలమానం. అంటే ఇది గట్టిగా పట్టించుకోవాల్సిన స్థాయి. అయితే ఈ అంకె బొమ్మలు మారాయనే చెబుతుంది కానీ మోడల్ తప్పు చేస్తోందని చెప్పదు. అది తేలాలంటే పాసైన స్ట్రిప్పుల్లోంచి రోజూ కొన్నింటిని ఏ ఎంపికా లేకుండా తీసి మనిషి కంటితో చూడాల్సిందే.

షిఫ్టు మొదట్లో తెలిసిన లోపాలున్న స్ట్రిప్పులను కెమెరా ముందు పెట్టే పరీక్ష చాలా ఫ్యాక్టరీల్లో ఉంటుంది. మంచి అలవాటే. కానీ ఆ నమూనాలు పాత ఫాయిల్‌వైతే మోడల్ వాటిని రోజూ పట్టుకుంటూనే ఉంటుంది, పరీక్ష పాసవుతూనే ఉంటుంది. కొత్త ఫాయిల్ రాగానే నమూనాలనూ దానితో చేసుకోవాలి.

డ్రిఫ్ట్ తేలాక చాలామంది వెంటనే మోడల్‌కు మళ్లీ నేర్పించబోతారు. ముందు చూడాల్సింది కెమెరాను. లెన్స్ తుడవాలి, లైటు వెలుతురు కొలవాలి. కెమెరా వెలుతురును తనంతట తాను సర్దుకుంటోందేమో చూసి దాన్ని ఆపాలి. మెరుపును తగ్గించే పోలరైజింగ్ ఫిల్టర్‌తోనో, వెలుతురు చెదిరేలా చేసే గుమ్మటం లాంటి లైటుతోనో బొమ్మ పూర్వంలా మారితే మోడల్‌ను ముట్టుకోనక్కర్లేదు.

అలా కుదరనప్పుడే కొత్త ఫొటోలు సేకరించాలి. రిజెక్టయినవే తీస్తే, మోడల్ వదిలేసిన విరిగిన మాత్రలు అందులో ఉండవు. పాసైనవీ కలపాలి. లోపం ఉందో లేదో మనిషే గుర్తించాలి. పాత మోడల్ తీర్పునే జవాబుగా వాడితే దాని తప్పే మళ్లీ నేర్పినట్టవుతుంది. పాత ఫాయిల్ ఫొటోలనూ ఉంచాలి, ఎందుకంటే గోదాములో ఆ రోల్స్ ఇంకా మిగిలి ఉండవచ్చు. తయారైన కొత్త మోడల్‌ను కొన్నాళ్లు పాతదాని పక్కనే నడపాలి. అది తీర్పు చెబుతుంది కానీ స్ట్రిప్పును నెట్టదు. రెండూ విభేదించిన ప్రతి ఫొటోనూ మనిషి చూశాకే మార్పిడి. పాత మోడల్‌ను చెరిపేయకూడదు, వెనక్కి వెళ్లాల్సి రావచ్చు.

ఇంకొక పని మిగులుతుంది. కొత్త ఫాయిల్ మొదటి రోల్ ఎక్కిన తేదీ నుంచి ప్యాకైన బ్యాచులన్నిటినీ ఆపి, మళ్లీ పరీక్షించాలి. అందుకే కెమెరా రికార్డులో ఫాయిల్ రోల్ నంబరు కూడా ఉండేలా ఇవాళే ఏర్పాటు చేసుకోండి.