కర్టెన్ ఇరుక్కుందని మోటారుకు ఎలా తెలుస్తుంది?

మా అమ్మావాళ్లింట్లో హాలు కిటికీకి మోటారు కర్టెన్ పెట్టించిన రెండో నెలలో, ఓ సాయంత్రం కాలిన వాసన వచ్చింది. కర్టెన్ అంచు కిటికీ గొళ్లానికి తగులుకుని ఉంది. అమ్మ రిమోట్ నొక్కి వంటింట్లోకి వెళ్లిపోయింది. పట్టాలో కర్టెన్ చివరికి చేరి స్విచ్చిని నొక్కితేనే మోటారు ఆగేలా అమర్చారు. కర్టెన్ ఆ స్విచ్చి దాకా వెళ్లలేదు. మోటారు తిరగలేక, ఆగడానికి చెప్పేవాళ్లు లేక, వేడెక్కుతూనే ఉండిపోయింది.

ఇలా ఇరుక్కున్నప్పుడు తెలుసుకోవడానికి మోటారు తీసుకునే కరెంటే సరిపోతుంది. ఎందుకో చూడాలంటే డీసీ మోటారు లోపలికి వెళ్లాలి. తిరిగే మోటారు డైనమోలా కూడా పనిచేస్తుంది. తనకు అందుతున్న వోల్టేజికి ఎదురుగా తనే కొంత వోల్టేజి పుట్టిస్తుంది. మా కర్టెన్ మోటారు 12 వోల్టులది, దాని వైండింగు నిరోధం 4 ఓంలు. హాయిగా తిరుగుతున్నప్పుడు ఎదురు వోల్టేజి 9.6. మిగిలిన 2.4 వోల్టులే వైండింగు మీద పడతాయి కాబట్టి కరెంటు 0.6 ఆంపియర్లు. ఇరుసు ఆగిపోతే ఎదురు వోల్టేజి సున్నా. 12 వోల్టులూ వైండింగు మీదే పడి కరెంటు 3 ఆంపియర్లకు చేరుతుంది. కరెంటు 5 రెట్లే పెరిగినా వైండింగులో వేడి 25 రెట్లవుతుంది: 1.44 వాట్ల నుంచి 36 వాట్లకు. ఆ రోజు వచ్చిన వాసన దానిదే.

ఈ కరెంటును కొలవడానికి మోటారు దారిలో 0.1 ఓం రెసిస్టరు ఒకటి చాలు. మామూలుగా తిరిగేటప్పుడు దాని రెండు కొసల మధ్య 60 మిల్లీవోల్టులు, ఇరుక్కున్నప్పుడు 300 మిల్లీవోల్టులు కనిపిస్తాయి. ఆ తేడాను చిన్న చిప్ చూసుకుని కరెంటు కట్ చేస్తుంది.

కష్టమంతా మోటారు మొదలయ్యే క్షణంలో ఉంది. రిమోట్ నొక్కిన మరుక్షణం మోటారు ఇంకా కదలదు, అంటే ఎదురు వోల్టేజీ లేదు. అప్పుడూ అదే 3 ఆంపియర్లు! మొదలవడానికీ ఇరుక్కోవడానికీ కొలతలో తేడా లేదు, తేడా కాలంలోనే ఉంది. మోటారు వేగం అందుకోగానే మొదటి ఉరుకు తగ్గిపోతుంది, ఇరుక్కున్న మోటారు కరెంటు మాత్రం దిగదు. అందుకే మొదటి 300 మిల్లీసెకన్లు చిప్ ఏమీ పట్టించుకోదు. ఆ తర్వాత కరెంటు హద్దు దాటి వరసగా 100 మిల్లీసెకన్లు అక్కడే ఉంటే ఆపేస్తుంది. పట్టా అతుకు దగ్గర వచ్చే చిన్న కుదుపులకు ఆగిపోకుండా ఈ రెండో షరతు.

మరి ఆ హద్దు ఎక్కడ పెట్టాలి? మేము కర్టెన్‌ను ఆ చివరి నుంచి ఈ చివరి దాకా పదిసార్లు తిప్పి చూశాం. మడతలన్నీ ఒకచోట కుప్పపడే చివర్లో 0.9 ఆంపియర్ల దాకా వెళ్లింది. హద్దు 1.5 దగ్గర పెట్టాం. మెకానిక్ మొదట 2.5 అన్నాడు, నేను ఒప్పుకోలేదు. అడాప్టరు పాతబడి లోడు మీద 9 వోల్టులే ఇస్తే, ఇరుక్కున్నా 2.25 ఆంపియర్లే వస్తాయి. రాగి వేడెక్కితే నిరోధమూ పెరుగుతుంది, డిగ్రీకి దాదాపు 0.4 శాతం. అరవై డిగ్రీలు వేడెక్కిన మోటారు 12 వోల్టుల మీద కూడా 2.4 దగ్గరే ఉండిపోతుంది. రెండు సందర్భాల్లోనూ 2.5 హద్దు ఎప్పటికీ పలకదు.

వీధి గేటుకు సూత్రం ఇదే అయినా నేను అంత నిశ్చింతగా ఉండలేను. పట్టాలో కంకర, తుప్పు చేరేకొద్దీ గేటు మామూలుగా నడిచే కరెంటే పెరుగుతుంది. ఊరికే ఆగిపోతోందని ఇంటివాళ్లు ఫిర్యాదు చేస్తే, పట్టా శుభ్రం చేయకుండా బోర్డులో హద్దు పెంచి వెళ్లిపోయేవాళ్లున్నారు. వందల కిలోల గేటు పిల్లాడికి తగిలి నొక్కడం మొదలయ్యాకే కరెంటు పెరుగుతుంది. అంటే ఈ పద్ధతికి దెబ్బ తగిలాకే తెలుస్తుంది. యూరప్ ప్రమాణం ఈఎన్ 12453, గేటు మూసుకునే ఇరుకు సందులో ఒత్తిడి 400 న్యూటన్లు దాటకూడదనీ, 0.75 సెకన్లలో 150కి దిగాలనీ చెబుతుంది. తాకకముందే చూసే ఫోటోసెల్, అంచుకు రబ్బరు సెన్సారు అందుకే కావాలి. 230 వోల్టుల ఏసీ మోటార్లలో నడకకూ ఆగడానికీ మధ్య కరెంటు తేడా ఇంత స్పష్టంగా ఉండదు కాబట్టి, వాటికి ఇరుసు తిరుగుతోందో లేదో చూసే ఎన్‌కోడర్ నమ్మకం.

అమ్మ ఇప్పుడు నెలకోసారి కర్టెన్ కదులుతుండగా అంచు పట్టుకుని చూస్తుంది. అర సెకను లోపే ఆగి, కాస్త వెనక్కి జరుగుతుంది. గేటును మాత్రం చేత్తో పరీక్షించవద్దు, దారిలో ఖాళీ అట్టపెట్టె పెట్టండి. అది నలిగిపోతే హద్దు ఎక్కువగా ఉందన్నమాట.