"నో రిటర్న్" అని పెడితే సరిపోతుందా? చిన్న సెల్లర్ పాలసీ ఎలా రాసుకోవాలి

ఇన్‌స్టాలో, వాట్సాప్‌లో చీరలు అమ్మేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే: "రిటర్న్ ఇస్తే కట్టుకుని మరీ వెనక్కి పంపిస్తున్నారు, ఇవ్వనంటే కొనడానికే భయపడుతున్నారు. పాలసీలో ఏం రాయాలి?" ఒక మంగళగిరి కాటన్ చీరని ఉదాహరణగా పెట్టుకుందాం. చీర 1,800 రూపాయలు, కొరియర్ 90 అనుకోండి.

చాలా పేజీల్లో పైనే "నో రిటర్న్, నో ఎక్స్ఛేంజ్" అని ఉంటుంది. చీర బాగానే ఉండి, కొన్నవాళ్ల మనసు మారితే ఆ మాట పనికొస్తుంది. కానీ చీర చిరిగి వస్తే పనికిరాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపం ఉన్న వస్తువుని వెనక్కి తీసుకోకపోవడం, డబ్బు ఇవ్వకపోవడం అన్యాయమైన వ్యాపార పద్ధతి కిందకి వస్తుంది. బిల్లులో గడువు రాసి ఉంటే ఆ గడువు లెక్క, ఏమీ రాయకపోతే 30 రోజులు. అంటే పాలసీ రాయకపోతే ఎక్కువ రిస్క్ మనకే. మార్కెట్‌ప్లేస్ యాప్‌లలో అమ్మేవాళ్లకైతే 2020 ఈ-కామర్స్ రూల్స్ కూడా ఉన్నాయి. ప్రకటనలో చెప్పినట్టు వస్తువు లేకపోయినా వెనక్కి తీసుకోనని అనకూడదు.

అందుకే నేను పాలసీని రెండు ముక్కలుగా రాయమంటాను. తప్పు మనదైతే ఒకటి, వాళ్ల మనసు మారితే ఇంకొకటి. ఈ రెండూ కలిపేసి రాసిన చోటే గొడవలన్నీ మొదలవుతాయి.

మొదటిది ఇలా రాయొచ్చు: "చీరలో చిరుగు, మరక ఉన్నా, మీరు ఆర్డర్ చేసినది కాకుండా వేరేది వచ్చినా, డెలివరీ అయిన 3 రోజుల్లో ఫోటోలు లేదా వీడియోతో మెసేజ్ చేయండి. కొరియర్ ఖర్చు మాది. చీర మాకు చేరిన 5 రోజుల్లో పూర్తి డబ్బు, మీరు కట్టిన యూపీఐకే వేస్తాం." మన ఉదాహరణలో 1,800, దాని మీద మొదట తీసుకున్న 90 కలిపి 1,890 వెనక్కి ఇవ్వాలి. తిరుగు కొరియర్ కూడా మనమే భరించాలి. నొప్పిగానే ఉంటుంది, కానీ తప్పు మనదే కదా.

ఇక్కడ "అన్‌బాక్సింగ్ వీడియో లేకపోతే రిటర్న్ లేదు" అనే లైన్ గురించి చెప్పాలి. అందరూ కాపీ కొట్టే లైన్ ఇది. పార్సెల్ అమ్మమ్మ తీసుకుని విప్పేస్తే వీడియో ఎక్కడినుంచి వస్తుంది? చిరుగు కళ్ల ముందు కనిపిస్తుంటే వీడియో లేదని తోసేయడం న్యాయం కాదు. "అన్‌బాక్సింగ్ వీడియో ఉంటే త్వరగా తేల్చగలం, లేకపోతే ఫోటోలు చూసి, చీర తెప్పించుకుని పరిశీలిస్తాం" అని రాయండి.

మరి మోసం నుంచి కాపాడేది ఏది? ప్యాక్ చేసే ముందు మనం తీసుకునే వీడియో. కొంగు, రెండు అంచులు, బ్లౌజ్ ముక్క, ఆర్డర్ నంబర్ రాసిన ట్యాగ్ ఒకే షాట్‌లో కనిపించాలి. ఆ ట్యాగ్‌ని చీర కట్టుకుంటే బయటికి కనిపించే చోట, కొంగు దగ్గర, తెంపితే గానీ ఊడని విధంగా కట్టండి. ఫంక్షన్‌కి కట్టుకుని తిరిగి పంపాలంటే ట్యాగ్ తెంపాల్సిందే. వెనక్కి వచ్చాక మడతలు, సెంటు వాసన, చెమట మరక చూడండి. ఫాల్ కుట్టి విప్పేసినా అంచు వెంట సూది రంధ్రాలు తెలిసిపోతాయి.

రెండో ముక్క: "నచ్చకపోతే 3 రోజుల్లో చెప్పండి. ట్యాగ్ ఉండి, కట్టని, ఉతకని, ఫాల్ కుట్టని, బ్లౌజ్ ముక్క కత్తిరించని చీరని ఒకసారి ఎక్స్ఛేంజ్ చేస్తాం. రెండు వైపులా కొరియర్ మీది. డబ్బు వాపసు ఉండదు." తిరుగు కొరియర్ కూడా 90 అయితే కస్టమర్‌కి ఇంకో 180 అవుతుంది. ఊరికే నాలుగు తెప్పించి మూడు పంపేవాళ్లు అక్కడే ఆగిపోతారు, నిజంగా మార్చుకోవాలనుకునేవాళ్లకి దారి ఉంటుంది.

రంగు దగ్గర మాత్రం జాగ్రత్త. "రంగు తేడాకి బాధ్యత లేదు" అని ఒక్క ముక్కతో వదిలేయకండి. లైట్ల కింద ఫిల్టర్ వేసి తీసిన ఫోటోకి, అసలు చీరకి పోలిక లేకపోతే అది మన తప్పే. పగటి వెలుతురులో తీసిన ఒక ఫోటో తప్పకుండా పెట్టండి. చేనేతలో చిన్న దారం ముడులు మామూలే. ఆ ముడిని దగ్గరగా ఫోటో తీసి, "ఇలాంటివి చేనేతలో ఉంటాయి, డ్యామేజ్ కాదు" అని ప్రోడక్ట్ కిందే రాయండి.

ఇదంతా హైలైట్స్‌లో దాచిపెట్టి, గొడవొచ్చాక స్క్రీన్‌షాట్ పంపితే ఒప్పుకోరు. క్యూఆర్ కోడ్ పంపే ముందే పాలసీ మెసేజ్ పంపి, "ఓకే" అని రిప్లై వచ్చాకే డబ్బు తీసుకోండి. బిల్లు మీద కూడా అవే మాటలు ఉండాలి. పాలసీ మారిస్తే పైన తేదీ వేయండి, పాత ఆర్డర్లకి పాత పాలసీనే వర్తిస్తుంది.