సున్నా కాదు, మైనస్ పద్దెనిమిది

భీమవరం చుట్టుపక్కల చెరువుల్లో పెరిగిన వెనామీ రొయ్య ప్లాంటులో తల తీయించుకుని, పొట్టు ఒలిపించుకుని, గడ్డకట్టి అట్టపెట్టెల్లోకి చేరాక విశాఖ రేవు నుంచి అమెరికాకు బయలుదేరుతుంది. దానికి ఓడలో జాగా బుక్ చేసేదీ, అవతలి రేవు దాకా బాధ్యత చూసేదీ ఫ్రైట్ ఫార్వర్డర్. ఆయన మన రొయ్యను చూడడు, ప్లాంటుకు రాడు. ఆయనకు తెలిసేదల్లా మనం పంపిన మెయిల్. ఎగుమతి ఆఫీసుల్లో దాన్ని షిప్పింగ్ ఇన్‌స్ట్రక్షన్ అనీ, పొట్టిగా ఎస్ఐ అనీ అంటాం. అందులోని మాటలు ఓడ కంపెనీ ఇచ్చే బిల్ ఆఫ్ లేడింగ్ మీదకు దాదాపు ఉన్నవున్నట్టు ఎక్కుతాయి. ఆ బి.ఎల్. సరుకు అందిందన్న రసీదు. చాలా సందర్భాల్లో సరుకు మీద హక్కు పత్రం కూడా అదే. అందుకే ఈ మెయిల్‌ను నేను ఉత్తరంలా కాకుండా, దస్తావేజు రాసినట్టు రాస్తాను.

మొదట సరుకు ఎవరి పేరున వెళ్తుందో తేల్చుకోవాలి. దాన్ని కన్‌సైనీ అంటారు. కొత్తగా చేరినవాళ్లు కొనుగోలుదారు పేరు వేసేసి ముందుకు వెళ్లిపోతారు. డబ్బు ముందే వచ్చేసి ఉంటే అందులో తప్పు లేదు. డబ్బు ఇంకా రావాల్సి ఉంటే మాత్రం ఆ ఒక్క గడి ఫ్యాక్టరీని ముంచగలదు. నేరుగా కొనుగోలుదారు పేరున రాసిన బి.ఎల్. చేతులు మారే పత్రం కాదు. అమెరికా చట్టం ప్రకారం అలాంటప్పుడు ఒరిజినల్ కాగితం తిరిగి తీసుకోకుండానే ఓడ కంపెనీ ఆ పేరు గలవారికి సరుకు అప్పగించవచ్చు. ఒరిజినళ్లు మూడూ మన బ్యాంకు లాకర్లో భద్రంగానే ఉంటాయి, రొయ్య మాత్రం అక్కడ అమ్ముడైపోతుంది. లెటర్ ఆఫ్ క్రెడిట్ మీద వ్యాపారమైతే కన్‌సైనీ గడిలో సాధారణంగా ఆ బ్యాంకు ఆర్డరుకు అని రాయమంటారు, కొనుగోలుదారు పేరు కింద నోటిఫై పార్టీ గడిలోకి వెళ్తుంది. నోటిఫై పార్టీ అంటే ఓడ వచ్చిందని కబురు అందుకునే మనిషి, అంతే. ఎల్.సి.లో ఆ వాక్యం ఎలా ఉంటే అలాగే, కామా కూడా మార్చకుండా, మెయిల్లో పెట్టాలి. బ్యాంకువాళ్లు పత్రాలను అక్షరం పక్కన అక్షరం పెట్టి చూస్తారు.

ఇక ఉష్ణోగ్రత. ఒకసారి మా దగ్గర కొత్తగా చేరిన కుర్రాడు కొనుగోలుదారు ఆర్డరులో ‘జీరో ఆర్ బిలో’ అని ఉంటే, నమ్మకంగా అదే ఎస్ఐలో పెట్టాడు. అమెరికావాళ్లు ఫారెన్‌హీట్‌లో మాట్లాడతారు. వాళ్ల సున్నా మన లెక్కలో మైనస్ 17.8 సెల్సియస్. ఓడ కంపెనీ మాత్రం సెల్సియస్‌లోనే మిషను సెట్ చేస్తుంది. సాయంత్రం ఫార్వర్డర్ ఆఫీసు నుంచి ఫోను వచ్చింది.

“సార్, జీరో అని పెట్టారు. గడ్డ రొయ్యకు జీరో ఏంటి సార్? కరిగిపోదూ?”

ఆ అబ్బాయి అడగకపోయి ఉంటే కంటైనరు వారాల పాటు సున్నా సెల్సియస్‌లో ప్రయాణం చేసేది. తలుపు తెరిచేసరికి పెట్టెలు తడిసి, రొయ్య మెత్తబడి, నీళ్లు కారుతూ ఉండేవి. అప్పటి నుంచి ఆ భాగాన్ని అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాస్తున్నాం. మైనస్ గుర్తు ఫ్యాక్సులోనో కాపీ-పేస్టులోనో రాలిపోతే +18 అవుతుందన్న భయం కూడా ఉంది మరి.

```
SET POINT: -18 C (MINUS EIGHTEEN CELSIUS)
VENTS: CLOSED
HUMIDITY CONTROL: OFF
DO NOT PRE-COOL EMPTY UNIT
```

చివరి వరుస చూసి చాలామంది ఆశ్చర్యపోతారు. ఖాళీ పెట్టెను ముందే చల్లబరిస్తే మంచిదే కదా అనిపిస్తుంది. కానీ మన కోస్తా గాలిలో తేమ ఎక్కువ. డాక్ మూసి ఉన్న చల్లగది కాకపోతే, తలుపు తెరవగానే ఆ తేమ చల్లటి గోడలకు పట్టి మంచుగా మారుతుంది, కాయిల్ మీద పేరుకుని గాలిని అడ్డుకుంటుంది. రీఫర్ కంటైనరు వేడి సరుకును చల్లబరచడానికి చేసినది కాదు, చల్లగా ఉన్నదాన్ని అలాగే ఉంచడానికి చేసినది. కాబట్టి రొయ్య లోపలి ఉష్ణోగ్రత ప్లాంటులోనే మైనస్ 18కి దిగి ఉండాలి. లోడింగ్ వేళ కొన్ని పెట్టెల్లో ప్రోబ్ గుచ్చి రాసుకున్న అంకెలను మెయిలుకు జత చేస్తాం. రేపు సరుకు పాడైతే తప్పు ప్లాంటుదా దారిదా అని తేలేది దానితోనే. పెట్టెలు లోపలి ఎర్ర గీత దాటి పేర్చకూడదు. గాలి కింద నేల గాడుల్లోంచి వచ్చి పైనుంచి తిరిగి వెళ్లాలి. ఆ గీత దాటితే పైవరసకు చల్లదనం అందదు.

బరువు దగ్గర ఒక ఉదాహరణ చెబుతాను. ఒక్కో పెట్టెలో 20 పౌన్ల రొయ్య, మొత్తం 1,800 పెట్టెలు అనుకుందాం. నికర బరువు 36,000 పౌన్లు, అంటే 16,329 కిలోలు. పైన ఉన్న మంచు పొర, కవరు, అట్ట కలిపి పెట్టె 10.5 కిలోలు తూగితే స్థూల బరువు 18,900 కిలోలు. దానికి ఖాళీ కంటైనరు బరువు, ఉదాహరణకు 4,600 కిలోలు, కలిపితే 23,500. ఈ ఆఖరి అంకెను వీజీఎం అంటారు. 2016 జూలై 1 నుంచి ఈ బరువు ధ్రువీకరించి ఇవ్వకపోతే కంటైనరును ఓడలోకి ఎక్కించరు. బి.ఎల్. మీద ఉండాల్సింది 18,900, వీజీఎం పత్రంలో ఉండాల్సింది 23,500. ఈ రెండూ తారుమారు చేయడం అతి మామూలు పొరపాటు. ఒకదానిలో కంటైనరు బరువు ఉందనీ, ఒకదానిలో లేదనీ మెయిల్లో పక్కనే రాస్తే ఎవరూ తికమకపడరు.

జతచేసే కాగితాల్లో ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు, షిప్పింగ్ బిల్లు అందరికీ తెలిసినవే. అమెరికా రొయ్యకు ప్రత్యేకమైనది డీఎస్-2031 అనే ఫారం. సముద్ర తాబేళ్ల రక్షణకు 1989లో వాళ్లు చేసిన చట్టం వల్ల ఇది వచ్చింది. మనది చెరువులో పెంచిన రొయ్య, వల వేసి సముద్రంలో పట్టింది కాదు అని ఎగుమతిదారు ఇందులో సంతకం చేసి చెప్పాలి. ఇక దిగుమతిదారు తరఫున అక్కడి కస్టమ్స్‌కు ఇవ్వాల్సిన వివరాలు కొన్ని ఉంటాయి. సరుకు కంటైనరులో ఎక్కడ నింపారు, ఎవరు నింపారు, సరుకు కోడ్ ఏమిటి వంటివి. గడ్డ రొయ్యకు ఆ కోడ్ 0306.17తో మొదలవుతుంది. కోడ్ వంటివి ఓడలోకి ఎక్కించడానికి 24 గంటల ముందే, నింపిన చోటు, నింపినవారి వివరాలు వీలైనంత త్వరగా, ఆలస్యమైనా ఓడ అమెరికా రేవు చేరడానికి 24 గంటల ముందే దాఖలు కావాలి. కాబట్టి నింపే చోటు చిరునామా ఎస్ఐలో పూర్తిగా ఉండాలి. హెడ్డాఫీసు చిరునామా పెట్టి ఊరుకోకూడదు.

మెయిల్ వెళ్లాక ఫార్వర్డర్ నుంచి డ్రాఫ్ట్ బి.ఎల్. వస్తుంది. దీన్ని ఎస్ఐ రాసిన మనిషే చూస్తే తన తప్పు తనకు కనబడదు. మా దగ్గర ఒకరు పైకి చదువుతారు, ఇంకొకరు ఫోటోలు పట్టుకుని చూస్తారు. కంటైనరు నంబరులో నాలుగు అక్షరాలు, ఏడు అంకెలు ఉంటాయి. చివరి అంకె ముందున్నవాటి నుంచి లెక్కకట్టి వచ్చేది. ఒక అంకె తప్పు పడితే సాధారణంగా కంప్యూటరే పట్టేస్తుంది. సీలు నంబరుకు అలాంటి కాపలా ఏమీ లేదు. అందుకే దాన్ని గేటు దగ్గర తలుపు మూసి సీలు వేశాక తీసిన ఫోటోలోంచే చదువుతాం, రిజిస్టరులో ఎవరో రాసుకున్నదాన్నుంచి కాదు.