ఫోన్ పిలుస్తోంది, టీవీకి వినబడటం లేదు

సంక్రాంతికి అక్కావాళ్లింటికి వెళ్లాను. మనవరాలి అన్నప్రాశన ఫొటోలు పెద్ద తెరమీద అందరికీ చూపించాలని బావగారి ఆరాటం. ఫోన్లో కాస్ట్ గుర్తు నొక్కితే చిన్న చక్రం గిరగిరా తిరిగి, చివరికి ‘పరికరాలు ఏవీ కనబడలేదు’ అని తేలిపోతోంది. టీవీ ఆరడుగుల దూరంలో గోడకే ఉంది. అందులో సీరియల్ నిక్షేపంగా నడుస్తోంది.

"మొన్న మార్చిలో కూడా వచ్చేదిరా. పెట్టె మార్చి వెళ్లిన దగ్గర్నుంచీ ఇదే వరస. టీవీ పాడైందంటావా?" అన్నారు బావగారు.

"టీవీ పాడవలేదు బావగారూ. ఫోన్ కేక టీవీ దాకా వెళ్లటం లేదు" అన్నాను. కాసేపట్లో తేలింది కూడా అదే. చాలా ఇళ్లలో ఈ ఇబ్బంది వస్తుంటుంది, చాలామంది అనవసరంగా టీవీని రీసెట్ కొట్టి ఉన్న యాప్‌లన్నీ పోగొట్టుకుంటారు. అందుకని ఆ రోజు ఏం చేశామో వరసగా చెబుతాను.

ముందు ఫోన్ టీవీని ఎలా కనిపెడుతుందో తెలియాలి. కాస్ట్ గుర్తు నొక్కగానే ఫోన్ మీ ఇంటి వై-ఫై మొత్తానికీ వినబడేలా ఒక కేక వేస్తుంది. అది ఏ ఒక్కరినీ ఉద్దేశించిన పిలుపు కాదు. వీధి మొదట్లో నిలబడి "ఇక్కడ కాస్టింగ్ చేసేవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని అడగటం లాంటిది. సాంకేతికంగా ఆ కేక వెళ్లేది 224.0.0.251 అనే ప్రత్యేక చిరునామాకి. గూగుల్ కాస్ట్ ఉన్న టీవీ అయితే `_googlecast._tcp` అనే పేరు వినగానే "నేనున్నాను, నా పేరు ఫలానా, నా చిరునామా ఫలానా" అని బదులిస్తుంది. ఆ బదులు అందితేనే ఫోన్ జాబితాలో టీవీ పేరు వస్తుంది. ఈ కేక మీ ఇంటి నెట్‌వర్క్ గడప దాటి బయటికి పోదు. కాబట్టి టీవీ కనబడలేదంటే మూడింట్లో ఏదో ఒకటి జరిగి ఉండాలి: ఇద్దరూ ఒకే నెట్‌వర్క్‌లో లేకపోవటం, టీవీలో బదులిచ్చే సర్వీసు పడుకోవటం, లేదా మధ్యలో ఉన్న రౌటరే ఆ కేకను ఆపేయటం.

ఒక మినహాయింపు ఇక్కడే చెప్పాలి. మిరాకాస్ట్ అనే ఇంకో పద్ధతి ఉంది. అందులో ఫోను, టీవీ రౌటర్‌తో పని లేకుండా నేరుగా ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. కొన్ని కంపెనీల ఫోన్లలో అది ఉంటుంది, గూగుల్ పిక్సెల్ ఫోన్లలో ఉండదు. ఇక్కడ చెబుతున్నది రౌటర్ మీదుగా నడిచే గూగుల్ కాస్ట్ సంగతి.

బావగారి ఫోన్లో వై-ఫై పేరు చూశాం. ఇంటి పేరుతోనే ఉంది. టీవీలో Settings లోకి వెళ్లి Network & Internet తెరిస్తే అదే పేరు, చివర మాత్రం Guest అని తోక ఉంది. అక్కకి అప్పుడు గుర్తొచ్చింది. కొత్త పెట్టె బిగించిన కుర్రాడు టీవీకి పాస్‌వర్డ్ కొట్టాలంటే పొడుగ్గా ఉందని, చిన్న పాస్‌వర్డ్ ఉన్న గెస్ట్ వై-ఫైకి కలిపి వెళ్లాడట. ఇంటర్నెట్ వస్తోంది కదా అని ఎవరూ పట్టించుకోలేదు.

మేనల్లుడు చురుకైనవాడు. "అయితే ఫోన్ కూడా గెస్ట్‌కే కలిపేద్దాం మావయ్యా" అని చటుక్కున కలిపేశాడు. ఇప్పుడు రెండూ ఒకే పేరుమీద ఉన్నాయి. అయినా టీవీ కనబడలేదు.

ఇక్కడే చాలామంది తికమకపడతారు. ‘రెండూ ఒకే వై-ఫైలో ఉన్నాయా’ అనేది మొదటి ప్రశ్నే తప్ప చివరిది కాదు. ఫోన్లో కలిసిన వై-ఫై పేరు మీద నొక్కితే ఐపీ చిరునామా కనబడుతుంది. మాకు ఫోన్ది 192.168.1.34, టీవీది 192.168.1.36 అని వచ్చాయి. మొదటి మూడు అంకెలూ కలిశాయి గనక, మామూలు ఇళ్ల లెక్కలో రెండూ ఒకే నెట్‌వర్క్‌వే. ఒకవేళ ఒకటి 192.168.1 తోనూ ఇంకొకటి 192.168.0 తోనూ మొదలైతే కథ వేరు. మేడమీద సిగ్నల్ అందటం లేదని రెండో రౌటర్ కొని తగిలించిన ఇళ్లలో ఇది బాగా కనిపిస్తుంది. ఆ రెండో రౌటర్ తన కింద వేరే నెట్‌వర్క్ నడుపుతుంటుంది. దాని సెట్టింగుల్లో Access Point మోడ్‌కి మారిస్తే రెండంతస్తులూ ఒకటవుతాయి.

ఇంకో మాట బాగా ప్రచారంలో ఉంది: ఫోన్ 5 గిగాహెర్ట్జ్‌లోనూ టీవీ 2.4 గిగాహెర్ట్జ్‌లోనూ ఉంటే కాస్ట్ కాదని. సాధారణంగా అది నిజం కాదు. ఒకే రౌటర్ ఇచ్చే ఆ రెండూ ఒకే ఇంటికి రెండు గుమ్మాలు. కొన్ని రౌటర్లు మాత్రం ఒక గుమ్మం దగ్గర వేసిన కేకను రెండో గుమ్మానికి సరిగ్గా చేరవేయవు. మిగతావన్నీ చూశాకే ఆ అనుమానం పెట్టుకోవాలి. దానికంటే ముందు ఫోన్లో వీపీఎన్ ఏదైనా నడుస్తోందేమో చూసి ఆపండి. ఐఫోన్ అయితే, వాడే యాప్‌కి Local Network అనుమతి ఉందో లేదో చూడండి. అది లేకపోతే ఆ యాప్ కేకే వేయలేదు.

అంకెలు కలిశాయి కాబట్టి తర్వాత టీవీ వంతు. ఆండ్రాయిడ్ టీవీల్లో కాస్టింగ్ పని చూసే భాగం లోపల ఒక యాప్‌లా ఉంటుంది. Settings లో Apps, అందులో See all apps, అట్టడుగున Show system apps నొక్కితే Google Cast అని కనబడుతుంది. కొంచెం పాత టీవీల్లో దాని పేరు Chromecast built-in. దాన్ని తెరిస్తే పైన Enable అని రాసి ఉందంటే అది ఆగిపోయి ఉందన్నమాట, నొక్కి లేపాలి. Disable అని ఉంటే ఇప్పటికే నడుస్తోంది, దాన్ని ముట్టుకోవద్దు. బావగారి టీవీలో Disable అనే ఉంది. Clear cache మాత్రం నొక్కి, టీవీ ప్లగ్గు తీసి ఒక నిమిషం ఆగి మళ్లీ పెట్టాం. రిమోట్‌తో ఆపితే టీవీ పూర్తిగా ఆగదు, కునుకు తీస్తుందంతే. లోపల ఇరుక్కున్న సర్వీసు కొత్తగా మొదలవ్వాలంటే కరెంటు తీయాల్సిందే.

అయినా జాబితా ఖాళీయే. ఇక మిగిలింది రౌటర్. దాని మీద నింద వేసే ముందు రుజువు కావాలి గదా, రెండు పరీక్షలు చేశాం.

మొదటిది యూట్యూబ్‌తో. టీవీలోని యూట్యూబ్ సెట్టింగుల్లో Link with TV code అని ఉంటుంది. నొక్కితే 12 అంకెల కోడ్ వస్తుంది. ఆ కోడ్ ఫోన్లోని యూట్యూబ్‌లో కొట్టగానే రెండూ కలిసిపోయాయి, పాట టీవీలో మోగింది. "మరి ఇదెలా వచ్చిందిరా?" అన్నారు బావగారు ఆశ్చర్యంగా. కోడ్‌తో కలిపినప్పుడు ఫోనూ టీవీ ఇంట్లో మాట్లాడుకోవు. రెండూ ఎవరికి వారు ఇంటర్నెట్లోకి వెళ్లి, యూట్యూబ్ సర్వర్ దగ్గర కలుసుకుంటాయి. పక్కగదిలో ఉన్నవాళ్లిద్దరూ ఊళ్లో ఉన్న చుట్టం ద్వారా కబుర్లు పంపుకోవటం లాంటిది. కోడ్‌తో వచ్చి కాస్ట్‌తో రాకపోతే టీవీకి, ఫోన్‌కి ఇంటర్నెట్ బాగుందని, ఇంటి లోపలి దారే మూసుకుందని అనుమానించవచ్చు.

రెండోది హాట్‌స్పాట్‌తో. నా ఫోన్లో హాట్‌స్పాట్ పెట్టి, టీవీనీ బావగారి ఫోన్‌నీ దానికి కలిపాం. కాస్ట్ గుర్తు నొక్కగానే టీవీ పేరు వచ్చేసింది. ఫోన్, టీవీ, కాస్టింగ్ సర్వీసు మూడూ బాగున్నట్టే. దొంగ రౌటర్‌లోనే ఉన్నాడు. ఈ పరీక్షకి హాట్‌స్పాట్ ఇచ్చే ఫోన్ వేరు, కాస్ట్ చేసే ఫోన్ వేరు ఉండేలా చూసుకోవాలి.

దొంగ అన్నాను గానీ రౌటర్ చేసింది తప్పు కాదు. గెస్ట్ వై-ఫై ఉద్దేశమే అది. ఇంటికొచ్చిన కొత్తవాళ్లు ఇంటర్నెట్ వాడుకోవాలి గానీ మన కంప్యూటర్లనీ, కెమెరాలనీ, ఒకరి ఫోన్లను ఒకరూ తడమకూడదు. అందుకే అందులో చేరిన ప్రతి పరికరాన్నీ రౌటర్ విడివిడి గదిలో పెట్టి, బయటికి వెళ్లే తలుపు ఒక్కటే తెరుస్తుంది. దీన్నే క్లయింట్ ఐసొలేషన్ అంటారు. మేనల్లుడు ఫోన్‌ని కూడా గెస్ట్‌కి మార్చినప్పుడు ఫోన్ టీవీ ఉన్న గదిలోకి వెళ్లలేదు, పక్కనే ఇంకో గదిలో బందీ అయింది. అందుకే చిరునామాలు పక్కపక్కనే ఉన్నా మాట వినబడలేదు.

మందు తేలికే. టీవీలో గెస్ట్ వై-ఫైని Forget చేసి, పెట్టె అడుగున అతికించిన కాగితం మీది అసలు పాస్‌వర్డ్ రిమోట్‌తో ఒక్కో అక్షరం కొట్టాం. అయిదు నిమిషాలు పట్టింది. ఫోన్‌ని కూడా అసలు వై-ఫైకి తెచ్చాక కాస్ట్ నొక్కితే ‘హాల్ టీవీ’ అని వచ్చింది. బూరె ముక్క నోటపెట్టుకుని మొహం చిట్లించిన మనవరాలు యాభై అంగుళాల తెరమీద ప్రత్యక్షమైంది.

కొన్ని ఇళ్లలో అసలు వై-ఫైలోనే ఈ ఐసొలేషన్ ఆన్ అయి ఉంటుంది. ఫోన్లో వై-ఫై వివరాల్లో Gateway లేదా Router అనే వరస పక్కన ఉన్న చిరునామాని బ్రౌజర్‌లో కొడితే రౌటర్ పేజీ తెరుచుకుంటుంది. లాగిన్ వివరాలు చాలావాటికి పెట్టె వెనకే ఉంటాయి. Wireless లేదా WLAN కింద Advanced లో AP Isolation, Client Isolation, Wireless Isolation, ఈ పేర్లలో ఏదో ఒకటి ఉంటుంది. దాన్ని ఆపి Save నొక్కితే వై-ఫై ఓ క్షణం పోయి వస్తుంది. ఇంట్లో ఎవరైనా ఆన్‌లైన్ పరీక్ష రాస్తుంటే ఆ క్షణం ఎంచుకోకండి. కొన్ని సర్వీసుల పెట్టెల్లో ఈ పేజీ తాళం వేసి ఉంటుంది. అప్పుడు కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి ‘క్లయింట్ ఐసొలేషన్ తీసేయండి’ అని పేరుపెట్టి అడగాలి. ‘కాస్ట్ రావటం లేదు’ అంటే టీవీ రీసెట్ చేయమంటారు.

గెస్ట్ వై-ఫైలో మాత్రం దాన్ని తీయకండి, అక్కడ అది ఉండాల్సిందే. హాస్టల్లోనో, హోటల్ గదిలోనో ఉన్నవాళ్లకి ఆ మీట ఎలాగూ చేతిలో ఉండదు. పక్కగది వాళ్లు మీ తెరమీదికి రాకుండా కాపాడుతున్నది కూడా అదే. అలాంటిచోట మీ రెండో ఫోన్ హాట్‌స్పాట్ గానీ, ల్యాప్‌టాప్ నుంచి ఒక హెచ్‌డీఎంఐ వైరు గానీ వాడుకోండి.