తిరిగొచ్చిన మెయిల్ ఏం చెబుతోంది?

ఉద్యోగానికి దరఖాస్తు పంపిన కాసేపటికే మెయిలర్ డీమన్ పేరుతో ఒక ఉత్తరం వస్తుంది. అది ఇంగ్లీషులో బారెడుంటుంది. కంగారుపడకుండా అందులో ఈ ఒక్క వరుస వెతకండి:

```
Diagnostic-Code: smtp; 550 5.1.1 User unknown
```

చుక్కలున్న 5.1.1లో మొదటి అంకె తీర్పు. 5 అంటే అవతలి సర్వర్ తేల్చి తిరస్కరించింది, అదే మెయిల్‌ను మళ్లీ పంపినా ఫలితం మారదు. 4 అయితే ఇబ్బంది తాత్కాలికం. మీ సర్వరే కొన్ని రోజుల పాటు మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. ఈలోగా మీరూ పంపితే అవతలివారికి రెండేసి కాపీలు చేరవచ్చు.

రెండో అంకె కారణం ఎక్కడుందో చెబుతుంది. 1 అయితే చిరునామాలో, 2 అయితే అవతలివారి మెయిల్‌బాక్సులో, 7 అయితే భద్రతా నిబంధనల్లో. కాబట్టి 5.1.1 అంటే ఆ చిరునామాతో ఖాతా లేదని అర్థం. చిరునామాలో @కు ముందున్న భాగాన్ని అక్షరం అక్షరం సరిచూడండి. అక్కడ ఒక్క అక్షరం జారినా ఇదే జవాబు వస్తుంది. అన్నీ సరిగ్గా ఉంటే ఆ ఖాతాను మూసేసి ఉండవచ్చు, ఫోన్ చేసి కనుక్కోండి.

అదే 5.2.2 వస్తే చిరునామా సరైనదే, పెట్టె నిండిపోయింది. 5.7.1 వస్తే చిరునామాను దిద్ది లాభం లేదు. మీ మెయిల్‌ను ఆ సర్వర్ అనుమతించలేదు, దాన్ని మీ మెయిల్ నిర్వాహకులకు చూపించాలి.

కొన్ని సర్వర్లు అన్నిటికీ 550 అనే రాస్తాయి. అందుకే కోడ్ పక్కనున్న వాక్యాన్నీ చదవాలి. అక్కడ blocked అని ఉంటే తప్పు చిరునామాది కాదు.