వికీపీడియాను ఆధారంగా చూపవచ్చునా?

ప్రశ్న: సిద్ధాంత గ్రంథంలో వికీపీడియాను ఆధారంగా చూపవచ్చునా?

సమాధానం: వికీపీడియాయే పరిశోధనాంశమైతే తప్ప చూపరాదు. అందలి పాఠం ఎప్పుడైనా మారవచ్చు. దానికి బాధ్యుడైన కర్త ఉండడు. అయితే వ్యాసం అడుగున ఉండే మూలాల పట్టిక పరిశోధకునికి మంచి దారి.

కలమళ్ల శాసనం క్రీ.శ. 575 నాటిదన్న ప్రసిద్ధ వాక్యాన్నే తీసుకుందాం. దాని మూలాన్ని వెదకుతూ ఎపిగ్రాఫియా ఇండికా 27వ సంపుటానికి చేరాలి. అక్కడి శాసనపాఠం శిథిలమైనది. అందులో సంవత్సరం కనిపించదు. కాలం లిపినిబట్టి చేసిన ఊహ. కనుక “575లో వేయించిన” అని కాక, “లిపినిబట్టి ఆరవ శతాబ్ది ఉత్తరార్ధానిదిగా భావిస్తున్న” అని వ్రాయాలి. పాదసూచికలో చదివిన సంపుటాన్ని, పుటసంఖ్యను ఇవ్వాలి. సంపుటం తెరవకుండానే వికీలోని సూచికను ఎత్తి వ్రాయడం, వికీని ఉదాహరించడం కన్నా పెద్ద దోషం.